మీరు మంచాన పడితే మగ్గం షాపు ఎన్నాళ్లు నిలబడుతుంది?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. రాజమహేంద్రవరంలో తొమ్మిదేళ్లుగా మగ్గం వర్కు, జాకెట్ల షాపు నడుపుతున్నాను. ఇద్దరు టైలర్లు, ముగ్గురు మగ్గం పనివాళ్లు, హుక్కులు, ఫాల్సు కుట్టే అమ్మాయి ఒకరు ఉన్నారు. మార్కింగు, కటింగు నేనే చేస్తాను. నెలకు 30 మగ్గం జాకెట్లు, 60 మామూలు జాకెట్లు వెళతాయి. సగటున 1,40,000 రూపాయల వ్యాపారం. ఎప్పుడు చూసినా చేతిలో 35 మగ్గం ఆర్డర్లు ఉంటాయి, ఒక్కోదానికి 1,500 అడ్వాన్సు తీసుకుంటాను. షాపు అద్దె 12,000, బ్యాంకు అప్పు వాయిదా 6,200, చీటీ 5,000. ఇంటి ఖర్చు 42,000, మావారి జీతం 22,000. పోయిన సీజనులో డెంగీ వచ్చి 24 రోజులు షాపుకు వెళ్లలేకపోయాను. పెళ్లివాళ్లు షాపు ముందు గొడవ చేశారు, మగ్గం కుర్రాడు ఒకడు వేరే షాపుకు వెళ్లిపోయాడు. ఇప్పుడు నా దగ్గర 60,000 ఉన్నాయి. బంగారం ఉంది కదా, వేరే డబ్బు ఎందుకని మావారు అంటున్నారు. ఎంత దాచాలి, ఎక్కడ దాచాలి, నేను లేనప్పుడు షాపు ఎలా నడవాలి?

జవాబు: అమ్మా, ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకోమని అందరూ చెప్పే సలహా నెల జీతం తీసుకునేవాళ్ల కోసం పుట్టింది. మీ షాపుకు అది అతకదు. ఉద్యోగి మంచాన పడితే ఇంటి ఖర్చు ఒక్కటే సాగుతుంది. మీరు పడితే ఇంటి ఖర్చుతో పాటు అద్దె, పనివాళ్లు ఉంటారు. వాటన్నిటికంటే ముందు, పరాయివాళ్ల పట్టుచీరలు, వాళ్లిచ్చిన అడ్వాన్సులు మీ బీరువాలో ఉంటాయి. మీరు రాసిన లెక్క ప్రకారం ఏ రోజు చూసినా మీ దగ్గర 52,500 రూపాయల అడ్వాన్సు ఉండాలి. నిజానికి అది జర్దోసీగా, పూసలుగా, కూలీగా ఎప్పుడో మారిపోయి ఉంటుంది. షాపు ముందు గొడవ జరగడానికి మీ జ్వరం కారణం కాదు. తిరిగి ఇవ్వడానికి ఆ డబ్బు లేకపోవడం, బట్ట ఎంతవరకు వచ్చిందో చెప్పగల మనిషి మీరు తప్ప మరొకరు లేకపోవడం అసలు కారణాలు.

ముందు ఎంత అనేది తేల్చుకుందాం. ఎన్నాళ్లకు సిద్ధపడాలన్నది మొదటి ప్రశ్న. డెంగీ, టైఫాయిడ్ లాంటివి మూడు నాలుగు వారాలు తింటాయి. గర్భసంచి ఆపరేషనో, కాలు విరగడమో అయితే కటింగు బల్ల ముందు నిలబడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అంతకు మించిన జబ్బయితే దాచిన డబ్బుతో నెట్టుకురావడం తెలివైన పని కాదు. జీతానికి కటింగు మాస్టరును పెట్టుకోవడమో, షాపును చిన్నది చేయడమో చేయాలి. అందుకే రెండు నెలలకు లెక్క వేస్తున్నాను.

మీరు లేని నెలలో అద్దె 12,000 పోతుంది. కరెంటు బిల్లు తగ్గినా 1,500 ఉంటుంది. హుక్కుల అమ్మాయి జీతం 9,000 అనుకుందాం. టైలర్లకు మీరు జాకెట్టు లెక్కన ఇస్తున్నా, పని లేదని చేతులు దులుపుకుంటే వాళ్లు పక్క షాపు మిషను మీద కూర్చుంటారు. మామూలు నెలలో ఒక్కొక్కరు 18,000 దాకా సంపాదిస్తున్నారనుకుంటే, సగం ఇచ్చి నిలుపుకోవడానికి ఇద్దరికీ కలిపి 18,000 కావాలి. మగ్గం పనివాళ్లు ముగ్గురికి తలా 5,000 చొప్పున 15,000. బ్యాంకు వాయిదా 6,200, చీటీ 5,000. ఇవన్నీ కలిపితే 66,700. మీవారి జీతం పోగా ఇంటికి తక్కువపడే 20,000 కూడా చేరిస్తే నెలకు 86,700, రెండు నెలలకు 1,73,400.

ఇక్కడితో ఆపేస్తే లెక్క తప్పుతుంది. చేతిలో ఉన్న 35 మగ్గం ఆర్డర్లలో 20 మగ్గం మీదకు ఎక్కేసి, 15 ఇంకా మొదలుపెట్టనివి అనుకోండి. మొదలుపెట్టని 15 జాకెట్ల అడ్వాన్సు, అంటే 22,500, తిరిగి ఇచ్చేయాలి. ఎక్కిన 20 పూర్తవుతాయి. ఒక్కోదానికి కస్టమరు నుంచి 2,000 దాకా బాకీ వస్తుంది, మిగిలిన పనికి 700 కూలీ పోతుంది. అంటే నికరంగా 26,000 లోపలికి వస్తాయి. చివరిగా, మీరు కోలుకుని తిరిగొచ్చాక లైనింగు, దారాలు, పూసలు కొనడానికి 15,000 కావాలి, ఎందుకంటే అప్పటికి అడ్వాన్సులు రావడం ఆగిపోయి ఉంటుంది. దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఆ తర్వాత షాపు తెరిచిన మొదటి వారమే వడ్డీకి అప్పు తెస్తారు. అన్నీ కూడి తీసివేస్తే 1,84,900 వస్తుంది. 1,85,000 అనుకోండి.

మీ దగ్గర 60,000 ఉన్నాయి కాబట్టి ఇంకా 1,25,000 కూడబెట్టాలి. నెలకు ఇంత అని పెట్టుకుంటే మూఢం వచ్చిన నెలలో, ఆషాఢంలో తప్పకుండా మానేస్తారు. జాకెట్టు లెక్కన పెట్టుకోండి. మగ్గం జాకెట్టు డెలివరీ ఇచ్చి బాకీ వసూలు చేసిన పూటే అందులోంచి 300 పక్కకు తీయండి. అడ్వాన్సులోంచి తీయవద్దు, అది ఇంకా మీది కాలేదు. సగటున నెలకు 30 జాకెట్లు అంటే 9,000. సీజనులో ఎక్కువ పడుతుంది, ఆషాఢంలో తక్కువ పడుతుంది. దాదాపు 14 నెలల్లో మొత్తం చేరుతుంది. ఈ 300 భారమనిపిస్తే కొత్త ఆర్డర్ల రేటులో దాన్ని కలపండి. 3,500 జాకెట్టు 3,800 అయినందుకు వెళ్లిపోయే కస్టమరు, అనుకున్న తేదీకి జాకెట్టు రాకపోతే వెళ్లిపోయే కస్టమరు కంటే తక్కువమందే ఉంటారు.

ఇప్పుడు మీవారి ప్రశ్న. బంగారం ఉన్న మాట నిజమే. కానీ అది ఎవరి పేరు మీద ఉన్న లాకరులో ఉంది? మీ ఒక్కరి పేరు మీదే ఉంటే, మీరు ఆసుపత్రిలో ఉన్న రోజున ఆయన దాన్ని తెరవలేరు. ఇంట్లోనే ఉన్నా, తాకట్టు పెట్టేవాళ్లు తమ కాగితాలతో కౌంటరు దగ్గర నిలబడాలి, అప్పు వాళ్ల పేరు మీద నడుస్తుంది. పైగా మీ ఆదాయం ఆగిపోయిన నెలలోనే దాని వడ్డీ మొదలవుతుంది. బంగారాన్ని రెండో వరుసలో ఉంచండి. రెండు నెలలు దాటిపోతే, లేదా ఆసుపత్రి బిల్లు బీమాకు మించిపోతే అప్పుడు తీయండి. ఈలోగా లాకరును ఇద్దరి పేరు మీదకు మార్పించండి.

చీటీ సంగతి కూడా చెప్పాలి. చీటీ మంచి పొదుపే కావచ్చు, అత్యవసర నిధి మాత్రం కాదు. మీకు డబ్బు కావలసిన నెల ముందు నెలల్లో పడితే పాటలో బాగా తగ్గించి పాడుకోవాలి. పాడుకున్నాక కూడా జామీనుదారులను చూపించాలి. జ్వరంతో పడుకున్న మనిషి జామీను సంతకాల కోసం ఎక్కడ తిరుగుతుంది? ఈ చీటీ అయిపోయాక కొత్తది వేయకుండా, ఆ 5,000 కూడా ఈ నిధికి మళ్లిస్తే 14 నెలలు పట్టే పని ఇంకా త్వరగా పూర్తవుతుంది.

డబ్బు ఎక్కడ ఉంచాలన్నదానిలో నేను కాస్త మొండిగా ఉంటాను. షాపు కరెంటు ఖాతాలో ఉంచవద్దు. అక్కడుంటే అది కొత్త పూసల స్టాకుగా మారడానికి ఒక్క హోల్‌సేల్ కొట్టు ఫోను చాలు. మీ ఇద్దరి పేరు మీద, ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు అనే నిబంధనతో ఒక పొదుపు ఖాతా తెరవండి. మీరు షాపును సొంత పేరు మీద నడుపుతున్నారు కాబట్టి చట్టం దృష్టిలో షాపు, మీరు వేరు కాదు. షాపు ఖాతా అంటే మీ ఖాతాయే. మీ సంతకం ఆగితే అదీ ఆగుతుంది. అందుకే ఈ ఉమ్మడి ఖాతా ఉండాలి.

ఇందులో ఒక మెలిక ఉంది, బ్యాంకువాళ్లు అడగకపోతే చెప్పరు. మొత్తం డబ్బును ఇద్దరి పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేశారనుకోండి. ఎవరైనా తీసుకోవచ్చన్న నిబంధన గడువు తీరిన రోజుకు పనిచేస్తుంది. గడువుకు ముందే విరగ్గొట్టాలంటే మామూలుగా ఇద్దరి సంతకాలూ అడుగుతారు. అంటే మీ సంతకం దొరకని రోజుల కోసం దాచిన డబ్బుకు మీ సంతకమే తాళం అవుతుంది. అందుకని మొదటి 60,000 పొదుపు ఖాతాలోనే తేలికగా అందేలా ఉంచండి. మిగిలినదానికి ఆటో స్వీప్ సదుపాయం అడగండి. ఖాతాలో నిల్వ ఒక హద్దు దాటితే బ్యాంకే దాన్ని డిపాజిట్‌గా మారుస్తుంది, డబ్బు తీస్తే తనే తిరిగి తెస్తుంది, సంతకాల గొడవ రాదు. మీ బ్యాంకులో అది లేకపోతే 25,000 చొప్పున విడివిడి డిపాజిట్లు, తక్కువ గడువుకు వేయండి. గడువుకు ముందు ఒకరి సంతకంతోనే ఇవ్వవచ్చని డిపాజిట్ వేసేటప్పుడే రాతపూర్వకంగా ఇవ్వగలమా అని మేనేజరును అడగండి.

షాపు ఖాతాకు కూడా మీవారిని సంతకం చేయగల వ్యక్తిగా నియమిస్తూ బ్యాంకులో అధికార పత్రం ఇవ్వవచ్చు. ఇచ్చి పెట్టుకోండి, కానీ దాన్ని పూర్తిగా నమ్ముకోకండి. మీరు స్పృహలో ఉండి, ఆసుపత్రి నుంచి ఫోనులో మాట్లాడగలిగినంతకాలం అది బాగా పనిచేస్తుంది. మనిషి మతిస్థిమితం కోల్పోతే అలాంటి అధికారం చట్టప్రకారం రద్దవుతుంది. జనరల్ పవరాఫ్ అటార్నీ సంగతీ అంతే. కోమాలో ఉన్న మనిషి ఆస్తి, ఖాతాల కోసం కుటుంబాలు హైకోర్టు దాకా వెళ్లవలసి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. మీకు అలా జరుగుతుందని కాదు. ఉమ్మడి ఖాతా చేసే పనిని అధికార పత్రం చేయలేదన్నదే నా మాట. మనిషి స్పృహలో ఉండి సంతకం పెట్టలేని స్థితిలో ఉంటే, బ్యాంకు అధికారి, మరో సాక్షి ఎదుట వేలిముద్రతో డబ్బు తీసుకునే వీలు రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది. ఈ సంగతి మీవారికి తెలిసి ఉంటే కౌంటరు దగ్గర కుదరదని చెబితే తిరిగి రాకుండా మేనేజరును అడగగలరు.

ఫోను సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ పోయినసారి మీ షాపును ఆపింది సగం అదేననిపిస్తోంది. డిజైన్ల ఫోటోలు, కస్టమర్ల మాటలు, పెళ్లి తేదీలు అన్నీ మీ సొంత ఫోనులోని వాట్సాప్‌లోనే ఉన్నాయి కదా. షాపుకు వేరే నంబరు, వేరే ఫోను పెట్టండి, అది షాపులోనే ఉండాలి. మీ ఫోను నంబరుతోనే షాపు కంప్యూటర్‌కు వాట్సాప్ కలిపి పెట్టుకుంటే సరిపోతుందనుకోవద్దు. అసలు ఫోను 14 రోజులకు మించి వాడకపోతే కలిపిన పరికరాల్లోంచి అది తప్పుకుంటుంది. క్యూఆర్ కోడ్ దగ్గర డబ్బు పడితే గట్టిగా చెప్పే పెట్టె పెట్టించండి. మీ ఫోను చూడకుండానే అమ్మాయికి బాకీ వచ్చిందని తెలుస్తుంది. యూపీఐ పిన్ మాత్రం ఎవరికీ చెప్పవద్దు. పనివాళ్ల కూలీ ఉమ్మడి ఖాతా నుంచి మీవారు తన ఫోనుతో పంపుతారు.

డబ్బు సగం పనే చేస్తుంది. మీ షాపులో ఇరుకైన చోటు ఒక్కటే, మార్కింగు. కుట్టడానికి ఇద్దరున్నారు, మగ్గం మీద ముగ్గురున్నారు. కానీ మీరు గుడ్డ మీద కొలతలు గీసి, మెడ, చేతులు ఎక్కడ వస్తాయో గుర్తు పెడితే తప్ప వాళ్లలో ఎవరికీ పని పుట్టదు. మగ్గం జాకెట్టుకు ముందు గీత, తర్వాత వర్కు, ఆ తర్వాతే కత్తెర. గీత అర అంగుళం తప్పితే 3,500 రూపాయల పని, కస్టమరు పట్టుగుడ్డ రెండూ పోతాయి. ఆ భయంతోనే మీరు ఇన్నేళ్లూ కత్తెర, చాక్ ఎవరి చేతికీ ఇవ్వలేదు. భయం న్యాయమైనదే. దానికి రెండు విరుగుళ్లు ఉన్నాయి.

మొదటిది ఇవాళే చేయగలిగినది. ఇప్పుడు మీరు మగ్గం ఖాళీ అయినప్పుడు తర్వాతి గుడ్డ గీస్తున్నట్టున్నారు. అలా కాకుండా, ఆర్డరు తీసుకున్న రెండు రోజుల్లోపు గీత గీసి, డిజైను ట్రేసింగు కాగితంతో సహా మడిచి, నంబరు వేసి సంచిలో పెట్టండి. ముగ్గురు పనివాళ్లకు రెండు వారాలు చేతినిండా పని ఉండాలంటే 14, 15 గుడ్డలు గీసి సిద్ధంగా ఉండాలి. అప్పుడు మీరు రేపు ఉదయం లేవలేకపోయినా మగ్గాలు రెండు వారాలు ఆగవు. పోయినసారి వెళ్లిపోయిన కుర్రాడు జీతం కోసం వెళ్లలేదు, ఖాళీగా కూర్చోలేక వెళ్లాడని నా అనుమానం. ముందే గీసిపెట్టిన గుడ్డలున్నప్పుడు, పైన లెక్కలో మగ్గం వాళ్లను నిలుపుకోవడానికి రాసిన 15,000 మొదటి నెలలో పెద్దగా ఖర్చు కాదు. అయినా లెక్కలోంచి తీసేయకండి. జబ్బు ఎప్పుడు వస్తుందో, ఆ వారంలో ఎన్ని గుడ్డలు గీసి ఉంటాయో మీకు తెలియదు.

రెండోది నెమ్మదిగా సాగుతుంది. మీ ఇద్దరు టైలర్లలో చేయి నిలకడగా ఉన్నవాళ్లను ఒకరిని ఎంచుకుని కటింగు నేర్పండి. లైనింగు గుడ్డతో మొదలుపెట్టండి, పాడైనా పోయేది తక్కువ. తర్వాత మామూలు కాటన్ జాకెట్లు. పట్టుగుడ్డ దగ్గరకు వచ్చాక ముందు లైనింగును కుట్టించి కస్టమరుకు ట్రయలు వేయించి, అది సరిగ్గా కూర్చున్నాకే పైగుడ్డకు చాక్ తాకించమనండి. నేర్చుకున్న మనిషి సొంతంగా షాపు పెట్టుకుంటారేమోనని మీకు అనిపించవచ్చు. పెట్టుకోవచ్చు కూడా. అందుకని కటింగుకు జాకెట్టు లెక్కన అదనపు కూలీ ఇవ్వండి, మీరు షాపులో ఉన్న రోజుల్లో కూడా. మీరు పడినప్పుడే కత్తెర పట్టుకునే మనిషి చేయి అప్పటికి మొద్దుబారి ఉంటుంది. వారానికి పది మామూలు జాకెట్లన్నా వాళ్లతోనే కోయించండి.

బయట కటింగు మాస్టరును కూడా ఒకరిని చూసి ఉంచుకోండి. పాత కస్టమర్ల జాబితా చేయి దాటిపోతుందన్న భయంతో చాలామంది ఈ పని చేయరు. గుడ్డ మీద నంబరు చీటీ మాత్రమే ఉంచి పేరు, ఫోను లేకుండా పంపితే ఆ భయం అక్కరలేదు. రేటు ఇప్పుడే మాట్లాడుకోండి. మీరు ఆసుపత్రిలో ఉన్నారని తెలిశాక మాట్లాడే రేటు వేరుగా ఉంటుంది. ఆయన షాపుకు అలాంటి అవసరం వస్తే మీరూ చేస్తానని మాట ఇస్తే ఇంకా బాగా నిలుస్తుంది.

వీటన్నిటికీ ఆధారం కొలతల పుస్తకం. మీ పుస్తకం మీకే అర్థమవుతుందని చూడకుండానే చెప్పగలను, ఎందుకంటే ప్రతి మంచి కటింగు మాస్టరు పుస్తకం అలాగే ఉంటుంది. "సుబ్బారావు గారి కోడలు, పాతదే, చేయి కొంచెం లూజు" అని రాసి ఉంటే దాన్ని చూసి వేరేవాళ్లు గుడ్డ కోయలేరు. ప్రతి ఆర్డరుకు ఒక కార్డు, కార్డుకూ సంచికీ ఒకే నంబరు. పొడవు, ఛాతీ, నడుము, భుజం, చంక, చేయి పొడవు, చేయి లూజు, ముందు మెడ, వెనక మెడ అంగుళాల్లో రాయండి. హుక్కులు ముందా వెనకా, లైనింగు ఉందా, కొలత జాకెట్టు ఇచ్చారా, చీర కూడా మన దగ్గరే ఉందా అన్నవి రాయండి. కార్డు పైన పెద్ద అంకెల్లో డెలివరీ తేదీ కాకుండా ముహూర్తం తేదీ రాయండి. మీరు లేనప్పుడు షాపు నడిపే మనిషికి ముందుగా కావలసింది అదే. తీసుకున్న అడ్వాన్సు, రావలసిన బాకీ అడుగున. తరచూ వచ్చే కస్టమర్లకు గోధుమరంగు కాగితంతో కటింగు నమూనాలు తీసి, పేరు రాసి వేలాడదీస్తే ఎవరైనా వాటిని పరిచి కోయగలరు.

మీరు లేని రోజున నిర్ణయం తీసుకునేది ఒక్కరే అయి ఉండాలి. మీవారు ఉద్యోగానికి పోతారు కాబట్టి డబ్బు ఆయన చూస్తారు, షాపులో మాట హుక్కుల అమ్మాయిదో సీనియర్ టైలరుదో కావాలి. వాళ్లకు ఒక నియమం రాసి గోడకు అంటించండి. మగ్గం మీద ఉన్నవి పూర్తిచేయాలి. గీసిపెట్టినవాటికి కస్టమరుకు ఫోను చేసి, మరో పది రోజులు ఆగగలరా అని అడగాలి. గీయనివి గుడ్డ, అడ్వాన్సు రెండూ వాళ్లు అడగకముందే తిరిగి ఇచ్చేయాలి. వారానికి మించి పడుతుందని డాక్టరు చెప్పిన రోజు నుంచి కొత్త మగ్గం ఆర్డరు తీసుకోకూడదు. ఇరవై రోజుల్లోపు ముహూర్తం ఉన్న వాళ్లందరికీ రెండు రోజుల్లో ఫోను వెళ్లాలి. పెళ్లికి రెండు వారాల ముందు గుడ్డ వెనక్కి వస్తే ఇంకో షాపు దొరుకుతుంది. రెండు రోజుల ముందు వస్తే దొరకదు, ఆ కోపం మీ షాపు ముందు తీర్చుకుంటారు. అడ్వాన్సు చకచకా తిరిగి ఇచ్చిన షాపుకు ఆ కుటుంబం తర్వాతి పెళ్లికి మళ్లీ వస్తుంది, ఇది వస్త్రాల వ్యాపారంలో చాలాచోట్ల చూశాను.

దీన్ని ఆషాఢంలో పరీక్షించండి. పెళ్లిళ్లు లేని నెల కాబట్టి తప్పులు జరిగినా నష్టం చిన్నది. హుక్కుల అమ్మాయికి తప్ప ఎవరికీ ముందు చెప్పకుండా మూడు రోజులు షాపుకు వెళ్లవద్దు, ఫోను ఎత్తవద్దు. మూడు రోజుల్లో మీకోసం వచ్చిన ప్రతి ప్రశ్ననూ అమ్మాయి చేత నోటుపుస్తకంలో రాయించండి. ఫలానా వాళ్ల వెనక మెడ ఎంత, బీరువా తాళం ఎక్కడ, దారాల కొట్టుకు ఎంత బాకీ అని వస్తాయి. కార్డులో, గోడమీది కాగితంలో ఏమేమి లేవో ఆ పుస్తకమే చెబుతుంది.

బీమా గురించి రెండు మాటలు. ఆరోగ్య బీమా ఆసుపత్రికి డబ్బు కడుతుంది, మీ షాపు అద్దె కట్టదు. కాబట్టి అది ఈ 1,85,000కు బదులు కాదు. అలాగని అది లేకుండా ఈ నిధి ఉన్నా ప్రయోజనం లేదు, ఒక్క ఆపరేషను దాన్ని మింగేస్తుంది. మీకు పాలసీ లేకపోతే ముందు అదే తీసుకోండి, ఆ తర్వాతే నిధి నింపండి. కొత్త పాలసీలో ప్రమాదాలు తప్ప మిగతావాటికి మొదటి 30 రోజులు వర్తించదు. గర్భసంచి, పిత్తాశయం లాంటి ఆపరేషన్లకు రెండేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. ప్రీమియం కట్టేముందు ఆ పేజీ చదవండి. వ్యక్తిగత ప్రమాద బీమాలో కొన్ని పాలసీలు పని చేయలేని వారాలకు వారానికి ఇంత అని ఇస్తాయి, కాలు చేయి విరిగితే మీకు నేరుగా పనికొస్తాయి, జ్వరానికి మాత్రం కాదు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా వేసుకోవలసిందే, కానీ అది ప్రమాదంలో మరణానికి, శాశ్వత వైకల్యానికి సంబంధించినది. మంచాన ఉన్న రోజులకు పైసా ఇవ్వదు.

బ్యాంకు వాయిదా ఖాతాలో ఎప్పుడూ రెండు వాయిదాలు, అంటే 12,400, ముందే ఉండేలా చూసుకోండి. ఇది కొత్త డబ్బు కాదు, పైన లెక్కలో ఉన్నదే, చోటు మాత్రం వేరు. ఇంకా ఎక్కువకాలం పట్టేలా ఉంటే వాయిదా తప్పకముందే మేనేజరును కలవమని మీవారికి చెప్పండి. బాకీ 90 రోజులు దాటితే అప్పు మొండిబాకీ అవుతుంది, ఆ తర్వాత మాట్లాడటానికి వాళ్ల చేతిలో కూడా పెద్దగా ఏమీ ఉండదు.

తిరిగి వచ్చిన మొదటి రెండు వారాలు మామూలు జాకెట్లే తీసుకోండి. కటింగు బల్ల మీద వంగి నిలబడటం ఎంత కష్టమో డాక్టరుకు తెలియదు, మీరే వివరంగా చెప్పి ఎన్ని గంటలు నిలబడవచ్చో అడగండి. మామూలు జాకెట్ల డబ్బు నాలుగైదు రోజుల్లో తిరిగొస్తుంది, మగ్గం డబ్బు నెల పడుతుంది. మళ్లీ మొదలుపెట్టడానికని పక్కన ఉంచిన 15,000 అప్పుడే తీయండి. ముందుగా లైనింగు, దారాలు కొనండి, పూసలకు తొందర లేదు. ఖర్చయిన నిధిని మళ్లీ జాకెట్టుకు 300 చొప్పునే నింపండి, కానీ ఆ నెల నుంచి కాదు. దారాల కొట్టు బాకీ తీరి, మగ్గం వాళ్లు ముగ్గురికీ చేతినిండా పని దొరికిన నెల నుంచి.